రిమ్‌ఫైర్, సెంటర్‌ఫైర్ తూటాలకు తేడా ఏంటి?

ప్రశ్న: రిమ్‌ఫైర్, సెంటర్‌ఫైర్ తూటాలు అంటుకోవడంలో తేడా ఏంటి? రిమ్‌ఫైర్ తూటా పేలాక మిగిలే లోహపు గొట్టాన్ని, అంటే ఖాళీ కేసుని, మళ్లీ ఎందుకు నింపలేరు?

రిమ్‌ఫైర్‌లో దెబ్బకి అంటుకునే మందు కేసు అడుగు అంచు మడతలోనే ఉంటుంది, సెంటర్‌ఫైర్‌లో అడుగున మధ్యలో బిగించిన ప్రైమర్ అనే విడి బిళ్లలో ఉంటుంది. ఆ బిళ్లని మార్చొచ్చు, అంచుని మార్చలేం, అందుకే రీలోడింగ్ కుదరదు.

ఎన్‌సీసీ ఫైరింగ్‌లో వాడే పాయింట్ 22 తూటానే తీసుకోండి. దాని అంచు లోపల బోలుగా ఉంటుంది, తయారీలో తడి మందు వేసి కేసుని గిర్రున తిప్పితే అది ఆ బోలులోకి చేరి ఆరిపోతుంది. తుపాకీలో తూటాని కొట్టే ఫైరింగ్ పిన్ అంచుని నొక్కి చితకగొట్టగానే మందు నలిగి మండి, పక్కనున్న గన్‌పౌడర్‌ని అంటిస్తుంది. పేలాక చూస్తే అంచు మీద ఒక నొక్కు కనిపిస్తుంది, అక్కడ లోహం శాశ్వతంగా వంగిపోయినట్టే. పిన్ దెబ్బకి నలగాలి కాబట్టి ఆ లోహం పల్చగానే ఉండాలి, అంటే దాన్ని సరిచేసి మళ్లీ వాడితే పగిలే ప్రమాదం కూడా ఉంది. ఒక్కోసారి మందు అంచు చుట్టూ సమానంగా పరుచుకోదు, పిన్ ఖాళీ చోట తగిలితే తూటా పేలదు.

9 ఎంఎం లాంటి సెంటర్‌ఫైర్‌లో నొక్కు ప్రైమర్ మీదే పడుతుంది. ఆ నిప్పు చిన్న రంధ్రం గుండా పౌడర్‌కి చేరుతుంది, కేసుకి దెబ్బ తగలదు. వాడేసిన ప్రైమర్‌ని తోసేసి కొత్తది బిగిస్తారు.

చాలామంది అంచు ఉబ్బెత్తుగా ఉంటే రిమ్‌ఫైరే అనుకుంటారు, అది తప్పు. మన పోలీసులు దశాబ్దాలు వాడిన పాయింట్ 303 తూటాకీ అంచు ఉంది, కానీ అది సెంటర్‌ఫైర్. అడుగున మధ్యలో గుండ్రటి బిళ్ల ఉందా లేదా అన్నదే చూడాలి.