ఆడిటర్ ఆఫీసుకు పంపే నీ పరిచయం గురించి

చి. స్రవంతికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం కోసం నువ్వు రాసిన పరిచయం చదివాను. మొదటి వాక్యంలో "అకౌంటింగ్ రంగంలో విశేష అనుభవం, అంకితభావం గల నిపుణురాలిని" అన్నావు. అది తీసెయ్. ఆ మాట అందరూ రాస్తారు. ఆడిటర్ గారు దాన్ని ఫోన్‌లో పైపైన చూస్తారు. ఆయన కళ్లు వెతికేది మూడే: ఎక్కడ చేశావు, ఏం చేశావు, ఎంతవరకు చేశావు.

కాబట్టి ఇలా మొదలుపెట్టు: "హనుమకొండలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ దుకాణంలో నాలుగేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. బిల్లులు, వోచర్లు టాలీలో ఎక్కిస్తాను. సాయంత్రం గల్లాపెట్టె డబ్బు లెక్కపెట్టి, డేబుక్‌తో సరిచూస్తాను."

చూశావా, గల్లాపెట్టె అనగానే మనిషి కనబడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. "జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేస్తాను" అని రాశావు. నాకు తెలిసి లెక్కలు తయారుచేసేది నువ్వు, ఫైల్ చేసేది మీ దుకాణం ఆడిటర్, ఓటీపీ వచ్చేది ఓనర్ ఫోన్‌కి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఇది బయటపడుతుంది. నువ్వు నిజంగా చేసే పనే చాలా గట్టిది, దాన్నే రాయి:

"ప్రతి నెలా 14న వచ్చే జీఎస్టీఆర్-2బిని కొనుగోళ్ల రిజిస్టరుతో పోలుస్తాను. అందులో లేని బిల్లుల జాబితా రాసి, సప్లయర్లకు ఫోన్ చేస్తాను."

పెయింటు కంపెనీ డీలరు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో బిల్లు చూపకపోతే అది 2బిలోకి ఎక్కదు, మీ ఓనరుకు ఆ పన్ను క్రెడిట్ రాదు. 20న నెలవారీ పన్ను రిటర్ను జీఎస్టీఆర్-3బి వేసేలోపు నువ్వు పట్టుకుంటే ఆయనకు మేలు. ఈ రెండు వాక్యాలు చదివితే నీకు పని తెలుసని ఆడిటర్‌కు అర్థమైపోతుంది.

బ్యాంకు లెక్క కూడా అంతే. "రీకన్సిలియేషన్‌లో ప్రావీణ్యం" వద్దు. "నెలాఖరున స్టేట్‌మెంటుతో పుస్తకం కలుపుతాను, ఇచ్చినా ఇంకా బ్యాంకులో పడని చెక్కులు విడిగా రాస్తాను" చాలు.

దుకాణం టర్నోవర్ రాయకు. అది ఓనరు గుట్టు. బయటపెట్టేవాళ్లను ఏ ఆడిటరూ నమ్మడు. బిల్లుల సంఖ్య రాయొచ్చు, కానీ టాలీలో చూసి రాయి, ఊహించి కాదు.

చదువు ఒక్క లైను. బీకాం, ఏ సంవత్సరం. సీఏ ఇంటర్‌లో ఒక గ్రూపు అయిందిగా, "సీఏ ఇంటర్, ఒక గ్రూపు పాస్" అని విప్పి రాయి. పేరు పక్కన సీఏ అని పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదు, ఇన్‌స్టిట్యూట్ సభ్యులకే ఆ హక్కు.

అంతా కలిపి పది వాక్యాలు దాటకూడదు. హాబీలు అక్కర్లేదు. మార్చాక ఒకసారి వాట్సాప్‌లో నాకు పంపి, ఆ తర్వాతే ఆయనకు పంపు.

మీ మామయ్య