సభ్యుల పొదుపు మొత్తం ఆవర్జాతో కలవనప్పుడు

ప్రశ్న: మా పొదుపు పరపతి సంఘం మహాజన సభకు లెక్కలు సిద్ధం చేస్తున్నాను. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయింది, కానీ సభ్యుల పొదుపు జాబితా మొత్తం తేడా వస్తోంది. ఎక్కడి నుంచి వెతకాలి?

జవాబు: బొబ్బిలి ప్రాంతంలోని మా సంఘానికి నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు ఇదే ఎదురైంది. జనరల్ లెడ్జర్‌లో మార్చి 31 నాటి పొదుపు నిల్వ 8,46,350 రూపాయలు కాగా, సభ్యుల వ్యక్తిగత ఖాతాల నుంచి తీసిన జాబితా 8,43,650 దగ్గర ఆగింది. ట్రయల్ బ్యాలెన్స్ జనరల్ లెడ్జర్ ఖాతాలతోనే తయారవుతుంది కాబట్టి, వ్యక్తిగత ఖాతాలో జరిగిన తప్పు అందులో కనిపించదు.

జాబితాను మరొకరి చేత కూడించినా తేడా 2,700 అలాగే ఉంది. అందులో సగం, అంటే 1,350 రూపాయల చెల్లింపు గానీ జమ గానీ ఏదైనా ఖాతాలో తారుమారుగా పడిందేమోనని చిట్టా చూశాను. అలాంటి పద్దు లేదు. 2,700 తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ అలాగే ఉంటుంది, అయితే ఒక జమను రాయడం మరిచిపోయినా అదే మొత్తం రావచ్చు కనుక దీనిని రుజువుగా కాక ఆనవాలుగానే తీసుకోవాలి.

అన్ని ఖాతాలనూ మొదటి నుంచి తిరగేయకుండా, నెలాఖరు నిల్వలను ఒక్కొక్కటిగా పోల్చాను. సెప్టెంబరు వరకు రెండు మొత్తాలూ కలిశాయి, అక్టోబరు చివర తేడా మొదలైంది. ఆ నెలలో పాత పుట నిండి కొత్త పుటకు ఎత్తి రాసిన నిల్వలను చూస్తే, ఒక సభ్యురాలి 4,100 రూపాయలు 1,400గా పడ్డాయి. ఆమె పాస్‌బుక్ తెప్పించి చూడగా జనవరి నాటికి 4,300 ఉంది; మా ఖాతాలో అదే రోజుకు 1,600 మాత్రమే ఉంది. ఆమె అప్పుడే డబ్బు తీసుకోవడానికి వచ్చి ఉంటే, తన సొమ్ములో సగానికి పైగా లేదని మేమే చెప్పి పంపేవాళ్లం.

తేడాను అనామతు ఖాతాలో వేసి సభ గట్టెక్కడానికి దయచేసి ఒప్పుకోకండి. తప్పు అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. వడ్డీ సంగతి విడిగా చూడాలి: తక్కువ నిల్వ మీద లెక్కించడం వల్ల, మా 6 శాతం రేటున ఐదు నెలలకు ఆమెకు 67 రూపాయల 50 పైసలు తగ్గాయి. వడ్డీ రెండు పుస్తకాల్లోనూ ఒకేలా తక్కువగా పడినందున అది 2,700లో కలవదు. దానిని పాలకవర్గ తీర్మానంతో జమ చేయించాను.

ఒకరి జమ మరొకరి ఖాతాలో పడితే మాత్రం ఏ మొత్తమూ తేడా చూపదు. అందువల్ల మొత్తాలు కలిసిన తర్వాత కూడా, సభకు ముందే ప్రతి సభ్యుని పాస్‌బుక్‌ను ఖాతాతో సరిచూసి నిల్వ వద్ద వారి సంతకం తీసుకోండి.