నాలుగు బ్యాగులు ఎక్కించినా రక్తం కారడం ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: పోయిన నెల మా అక్కకు కాన్పు తర్వాత బ్లీడింగ్ ఆగక నాలుగు బ్యాగుల రక్తం ఎక్కించారు. అది అవుతుండగానే ప్లాస్మా తెమ్మన్నారు, తర్వాత క్రయో అన్నారు, అర్ధరాత్రి ప్లేట్‌లెట్లు కూడా అన్నారు. ఇవన్నీ రక్తంలోనే ఉంటాయి కదా, మళ్లీ విడివిడిగా ఎందుకు? బిల్లు పెంచడానికేనా? డెంగ్యూకి ఎక్కించే ప్లేట్‌లెట్లూ ఇవీ ఒకటేనా?

జవాబు:

బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా పదకొండేళ్లు చేశాను, అందులో సగం నైట్ డ్యూటీలే. మీరు రాసిన వరుస చూస్తే బిల్లు కోసం అనిపించడం లేదండి. కాన్పు బ్లీడింగ్‌లో ఫారాలు ఇంచుమించు ఇదే వరుసలో వస్తాయి. మా చెల్లెలికి కూడా ఇలాగే అయింది. ఆ రాత్రి కౌంటర్‌కి ఇవతల అటెండెంట్‌గా నిలబడ్డాను కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

మీరు "రక్తం" అంటున్న ఆ నాలుగు బ్యాగులూ అసలు పూర్తి రక్తం కావు, ప్యాక్డ్ సెల్స్, అంటే ప్రధానంగా ఎర్రకణాలే. దాత దగ్గర తీసుకున్న 350 లేదా 450 ఎం.ఎల్. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, పసుపు రంగు ప్లాస్మా పైకి తేలుతుంది, ఆ రెంటి మధ్య పల్చటి తెల్లపొర ఒకటి ఉంటుంది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఆ పొర దగ్గరే చేరతాయి. ఒకదానికొకటి గొట్టాలతో కలిపి ఉన్న బ్యాగుల్లోకి వీటిని విడగొడతాం. ఎర్రకణాలకు పోషకద్రవం కలిపి 2 నుంచి 6 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే 42 రోజులు నిలవ ఉంటాయి. ప్లాస్మాను కొన్ని గంటల్లోపే మైనస్ 30 డిగ్రీల్లో గడ్డకట్టిస్తే ఏడాది ఉంటుంది. ప్లేట్‌లెట్లు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు, 20 నుంచి 24 డిగ్రీల మధ్య మెల్లగా ఊగే మెషీన్ మీద ఉంచాలి, అదీ ఐదు రోజులే. ఇలా ఒక్కోదానికి ఒక్కో చోటు కావాలి కాబట్టి అన్నీ ఒకే బ్యాగులో ఉంచితే ఏదో ఒకటి పాడవక తప్పదు. విడగొట్టడానికి ఇది ఒక్కటే కారణం కాదు గానీ పెద్ద కారణం ఇదే.

ఇక మీ అసలు ప్రశ్న. ప్యాక్డ్ సెల్స్ ఆక్సిజన్ మోస్తాయి, అంతే. పెద్దవాళ్లకి ఒక బ్యాగుకి హిమోగ్లోబిన్ దాదాపు ఒక గ్రాము పెరుగుతుంది. బ్లీడింగ్ లేకుండా నిలకడగా ఉన్న మనిషికి హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే సాధారణంగా ఇస్తారు, గుండెజబ్బు ఉంటే కాస్త ముందే. కానీ ఆ బ్యాగులో ప్లాస్మా మిగిలేది చాలా తక్కువ, పనికొచ్చే ప్లేట్‌లెట్లు లేనట్టే. అంటే గడ్డకట్టించే సరుకు అందులో లేదు. రక్తం కారిపోతున్న మనిషికి అవే వరసపెట్టి ఎక్కిస్తూ, పైనుంచి సెలైన్ కూడా ఇస్తే, ఒంట్లో మిగిలిన గడ్డకట్టే పదార్థం ఇంకా పల్చబడుతుంది. హిమోగ్లోబిన్ కాగితం మీద బాగానే కనిపిస్తుంది, రక్తం మాత్రం కారుతూనే ఉంటుంది.

మా చెల్లెలి విషయం చెప్తాను. రెండో కాన్పు, తొమ్మిదో నెల మొదట్లోనే మాయ గర్భసంచి గోడ నుంచి ఊడిపోయింది. వెంటనే సిజేరియన్ చేశారు, పాప బాగానే ఉంది. మాయ అలా ఊడినప్పుడు దాని వెనక పేరుకున్న గడ్డల్లో, ఒంట్లో రక్తనాళాల్లో కూడా గడ్డకట్టే పదార్థాలు ఖర్చయిపోతాయి. తర్వాత నిజంగా గడ్డకట్టాల్సిన చోట వాడడానికి ఏమీ మిగలదు. ఆపరేషన్ తర్వాత గంటకి హిమోగ్లోబిన్ 6.8, ప్లేట్‌లెట్లు 62 వేలు. అయితే డాక్టరమ్మను భయపెట్టింది ఈ రిపోర్టు కాదు. ఆవిడ మామూలు గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఏడెనిమిది నిమిషాల్లో అది గట్టిపడి, ట్యూబు వంచినా జారకుండా ఉండాలి. పది నిమిషాలైనా నీళ్లలాగే కదులుతోంది. ల్యాబ్ రిపోర్టు రాకముందే ఆవిడ క్రయో కోసం ఫారం రాశారు. ముప్పావు గంట తర్వాత రిపోర్టు వచ్చింది, ఫైబ్రినోజెన్ 90.

ఈ ఫైబ్రినోజెన్ ఏంటంటే, ప్లాస్మాలో కరిగి ఉండే ప్రోటీన్, గాయం దగ్గర దారాలుగా మారి వల అల్లుతుంది, గడ్డ నిలబడేది ఆ వల వల్లే. నిండు గర్భిణికి ఇది డెసిలీటరుకి 400 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, మామూలు మనిషి కంటే ఎక్కువ. అందుకే ల్యాబ్ కాగితం మీద మామూలువాళ్ల పరిధి చూసుకుని 180 అంటే కాస్తే తగ్గింది కదా అనుకోకూడదు, కాన్పు బ్లీడింగ్‌లో 200 లోపుకి వచ్చిందంటే చాలు, ప్రమాదమే.

ప్లాస్మాలో గడ్డకట్టే పదార్థాలు అన్నీ ఉంటాయి, ఫైబ్రినోజెన్ కూడా. మరి ప్లాస్మా చాలదా అని నేనూ మొదట్లో మా సార్‌ని అడిగాను. ఆయన లెక్క వేసి చూపించారు. 60 కిలోల మనిషి ఒంట్లో ప్లాస్మా దాదాపు మూడు లీటర్లు, అంటే 30 డెసిలీటర్లు. ఫైబ్రినోజెన్ 100 పెరగాలంటే 3,000 మిల్లీగ్రాములు కావాలి. ఒక ఎం.ఎల్. ప్లాస్మాలో రెండు మిల్లీగ్రాములే ఉంటుంది, అంటే లీటరున్నర ఎక్కించాలి. అంత ద్రవం ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు, పైగా ఎర్రకణాలు ఇంకా పల్చబడతాయి. అదే ప్లాస్మాను 4 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కరిగిస్తే అడుగున తెల్లటి ముద్దలాంటిది మిగులుతుంది. అదే క్రయోప్రెసిపిటేట్, మనం క్రయో అంటున్నది. బ్యాగుకి 15 నుంచి 20 ఎం.ఎల్. మాత్రమే, అందులో దాదాపు 200 మిల్లీగ్రాముల ఫైబ్రినోజెన్, దానితో పాటు గడ్డకట్టించే ఇంకొన్ని పదార్థాలు, ఫ్యాక్టర్ 8, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్, ఫ్యాక్టర్ 13. లీటరున్నర చేసే పని 300 ఎం.ఎల్. లోపే అయిపోతుంది. (అమెరికాలో జుడిత్ పూల్ అనే ఆవిడ 1960ల్లో ఈ ముద్దను గమనించారు. అప్పట్లో ఇది హీమోఫీలియా పిల్లల కోసం, ఇప్పుడు ఎక్కువగా ఫైబ్రినోజెన్ కోసమే అడుగుతున్నారు.)

అలాగని క్రయో ఒక్కటే ఇస్తే చాలదు, మిగతా ఫ్యాక్టర్లు అందులో లేవు. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐ.ఎన్.ఆర్. టెస్టు చెల్లెలికి 2.1 వచ్చింది, అందుకని ప్లాస్మా కూడా పెట్టారు, కిలోకి 15 ఎం.ఎల్. చొప్పున 900 ఎం.ఎల్., నాలుగు బ్యాగులు. ప్లాస్మాకి అసలు చోటు ఇదే, అన్ని ఫ్యాక్టర్లూ కలిపి తగ్గి రక్తం కారుతున్నప్పుడు. లివర్ జబ్బులో బ్లీడింగ్‌కీ ఇస్తారు. నీరసంగా ఉందనో, ప్రోటీన్ తగ్గిందనో ఇచ్చేది కాదు. అప్పట్లో అలాంటి ఫారాలు కూడా వచ్చేవి, ఫోన్ చేసి అడిగితే కొందరికి కోపం వచ్చేది, అది వేరే కథ.

రాత్రి ఒంటిగంటకి ప్లేట్‌లెట్లు 48 వేలకి పడ్డాయి. బ్లీడింగ్ నడుస్తుంటే 50 వేల పైన ఉంచాలని చూస్తారు కాబట్టి అప్పుడు అడిగారు, 62 ఉన్నప్పుడు అడగలేదు. ఒకే దాత నుంచి మెషీన్ మీద తీసే ఎస్.డి.పి. అయితే ఒక్క బ్యాగు చాలు, కానీ ఆ వేళ దాతను పిలిపించి, టెస్టులు చేసి, గంటపైన మెషీన్ మీద కూర్చోబెట్టే టైమ్ లేదు. రెడీగా ఉన్న మామూలు ప్లేట్‌లెట్ బ్యాగులు ఆరు తెచ్చాం. రెండూ ఇంచుమించు ఒకటే లెక్క, ఆరుగురి బదులు ఒకరి రక్తం అన్నదే తేడా.

మొత్తం ప్యాక్డ్ సెల్స్ నాలుగు, ప్లాస్మా నాలుగు, క్రయో పది, ప్లేట్‌లెట్లు ఆరు. బ్యాగుల్లో రక్తం గడ్డకట్టకుండా వేసే సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది, కాబట్టి మధ్యలో కాల్షియం ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. తెల్లవారుజామున ఫైబ్రినోజెన్ 185, ట్యూబులో గడ్డ నిలబడింది. ఒకటి మాత్రం చెప్పాలి, ఇవన్నీ పనిచేసింది గర్భసంచి బాగా ముడుచుకుంది కాబట్టే. అది ముడుచుకోకపోయినా, ఎక్కడైనా చిరిగి ఉన్నా ఎన్ని బ్యాగులు పోసినా కారిపోతూనే ఉంటుంది, ముందు దాన్ని సరిచేయాలి.

తెచ్చేవాళ్లు చేసే పొరపాట్లు కూడా చెప్తా. ఒకతను ప్యాక్డ్ సెల్స్‌తో పాటు ప్లేట్‌లెట్లను కూడా ఐస్ డబ్బాలో పెట్టుకుని వెళ్లాడు. చల్లబడిన ప్లేట్‌లెట్లను ఎక్కించినా శరీరం త్వరగా తీసి పారేస్తుంది, కౌంట్ నిలబడదు. ఇంకొకరు ఆపరేషన్ ఉదయం అని రాత్రే క్రయో కరిగించి ఇమ్మని గొడవపెట్టారు. కరిగించాక ఆరు గంటల్లో వాడేయాలి, మళ్లీ ఫ్రీజ్ చేయడం కుదరదు. ఫ్రీజర్ నుంచి తీసి 37 డిగ్రీల నీళ్లలో కరిగించడానికే ప్లాస్మాకి అరగంట దాకా పడుతుంది. కౌంటర్ దగ్గర మమ్మల్ని తిట్టేది ఎక్కువగా ఆ అరగంటలోనే.

డెంగ్యూ సంగతి. ప్లేట్‌లెట్ బ్యాగు అదే, అవసరం వేరు. డెంగ్యూలో ప్రాణం మీదకి తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి ఊరిపోవడం, అది జ్వరం తగ్గే రోజుల్లో జరుగుతుంది. హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం పెరగడం, కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు చల్లబడడం చూసుకోవాలి. దానికి మందు సరైన కొలతలో సెలైన్. రక్తస్రావం లేకుండా 30 వేలు, 40 వేలు అని ప్లేట్‌లెట్లు ఎక్కించుకుంటే లాభం కనిపించలేదు, ఎక్కించినవీ త్వరగానే నాశనమవుతాయి. 10 వేల లోపుకి పడితేనో, బ్లీడింగ్ ఉంటేనో డాక్టర్లు ఆలోచిస్తారు. సీజన్‌లో మా దగ్గరికి 45 వేల కౌంట్ కాగితం పట్టుకుని, ఒక చేతిలో బొప్పాయి ఆకు రసం సీసాతో వచ్చేవాళ్లు. అదే వారంలో నిజంగా బ్లీడింగ్ అవుతున్న బాలింతకి ప్లేట్‌లెట్లు లేక ఊళ్లు తిరిగేవాళ్లం.

మీ అక్క డిశ్చార్జి సమ్మరీ తీసి ఫైబ్రినోజెన్ ఎంత ఉందో, ఏ రకం బ్యాగులు ఎన్ని ఎక్కించారో చూడండి. అందులో లేకపోతే ఆసుపత్రిలో అడిగి రాయించుకోండి. మాయ ఊడడం వల్లే ఇలా అయితే వచ్చే కాన్పులో మళ్లీ జరిగే అవకాశం మామూలు కంటే ఎక్కువ. అందుకని బ్లడ్ బ్యాంకు దగ్గరలో ఉన్న ఆసుపత్రిలో మొదటి నెలల నుంచే చూపించుకోమనండి. ఇంతమంది రక్తం ఎక్కింది కాబట్టి ఐ.సి.టి. అనే యాంటీబాడీ టెస్టు కూడా మొదట్లోనే చేయించమనండి. అది పాజిటివ్ వస్తే సరిపోయే బ్యాగు వెతకడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది, ఆ సంగతి కాన్పు రోజున తెలిస్తే లాభం లేదు.