షోరూం యాక్సెసరీస్ ప్యాకేజీలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయించాలి?

"కొత్త కారు ఆన్‌రోడ్ కొటేషన్‌లో 'ఎసెన్షియల్ ప్యాకేజీ' అని 38,000 వేశారు. తీసుకోక తప్పదంటున్నారు. అందులో నిజంగా పనికొచ్చేవేంటి?"

ముందు ఆ ప్యాకేజీలో ఏ వస్తువు ఎంతో విడివిడిగా రాసిమ్మనండి. మా కారు కొన్నప్పుడు నాకూ ఇదే లెక్క చూపించారు. విడదీయిస్తే సీట్ కవర్లు 9,500, రివర్స్ కెమెరా 8,200, టెఫ్లాన్ కోటింగ్ 6,500, అండర్‌బాడీ కోటింగ్ 5,500, మ్యాట్లు 2,800, డోర్ వైజర్లు 2,400, బాడీ కవర్ 2,200, మడ్ ఫ్లాప్స్ 900 తేలాయి. నేను కెమెరా, మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్ మాత్రం ఉంచుకున్నాను. 11,900తో అయిపోయింది.

కెమెరా బయట సగం ధరకే దొరుకుతుంది, నిజమే. కానీ కంపెనీ కెమెరా కారు వైరింగ్‌లో ముందే ఉన్న కప్లర్‌కే తగులుకుంటుంది. బయట చాలామంది రివర్స్ లైట్ వైరు గీరి టేపు చుడతారు. రేపు ఎలక్ట్రికల్ సమస్య వస్తే వారంటీ ఇవ్వకుండా ఉండటానికి ఆ టేపు ముక్క చాలు. సెన్సర్లకు మాత్రం విడిగా డబ్బులడిగితే ఊరుకోకండి. 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి, వాటి ధర కారులోనే కలిసి ఉంటుంది.

అండర్‌బాడీ కోటింగ్ దగ్గరే ఎక్కువ భయపెడతారు, "తుప్పు పడుతుంది సార్" అంటూ. ఇప్పటి కార్ల బాడీని ఫ్యాక్టరీలోనే ప్రైమర్ తొట్టిలో ముంచి తీస్తారు, కింద రాళ్లు తగిలే చోట్ల సీలెంట్ కూడా వేస్తారు. దాని మీద హడావుడిగా ఈ నల్లటి కోటింగ్ కొడితే నీళ్లు కారిపోవడానికి వదిలిన రంధ్రాలు మూసుకుపోవచ్చు. అప్పుడు తడి లోపలే నిలిచి, లేని తుప్పు మొదలవుతుంది. ఉప్పుగాలి తగిలే సముద్రతీరంలో ఉంటే వేయించినా తప్పులేదు, కానీ రంధ్రాలకు ముందు టేపు వేస్తున్నారో లేదో దగ్గరుండి చూసుకోండి. టెఫ్లాన్ అంటారా, నాలుగు వాషింగులకు పోయే మెరుపు.

సీట్ కవర్లది డబ్బు సంగతి కాదు. ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ట్యాగ్ కుట్టి ఉందేమో చూడండి. ఉంటే ఆ బ్యాగు సీటు అంచు నుంచే చీల్చుకుని బయటికి రావాలి. మామూలు కవరు బిగుతుగా తొడిగితే దానికి అడ్డమే. ఆ మోడల్‌కని కంపెనీ చేసినదైతేనే తీసుకోండి.

"20 వేల యాక్సెసరీస్ ఫ్రీ" అన్నా సంబరపడొద్దు, ఆ 20 వేలు ఎమ్మార్పీ లెక్క. దాని బదులు బిల్లులో డిస్కౌంట్ అడగండి, ఎంత తగ్గిస్తారో చూస్తే ఆ ఫ్రీ అసలు విలువ తెలిసిపోతుంది.

వద్దన్నవాటి పేర్లు బుకింగ్ రోజే సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కి వాట్సాప్‌లో పెట్టండి. కొన్నిచోట్ల కారు యార్డులో ఉండగానే బిగించేసి, డెలివరీ రోజు బిల్లు చేతిలో పెడతారు.