అమ్మమ్మ కబుర్లు రికార్డు చేయబోతున్న చిట్టికి

చిట్టీ,

అమ్మమ్మ కబుర్లన్నీ ఫోన్లో రికార్డు చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కూడా పట్టలేదు, నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనని.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. బల్ల మీద మడత తువ్వాలు వేసి, దానిమీద ఆవిడకు జానెడు దూరంలో ఉంచు. ఫ్యాను ఆపు. ముందు ఒక నిమిషం రికార్డు చేసి విను. పొద్దున కాఫీ తాగాక ముప్పావుగంట చాలు, అలిసిపోనివ్వకు.

ఇక నా సంగతి. 1991లో మీ తాతయ్యను కేసెట్ మీద రికార్డు చేశాను. విశాఖ మీద జపాన్ వాళ్ళు బాంబులు వేసిన రోజు చెబుతున్నారు. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. కోటవీధిలో తాళాలు వేసుకుని జనం ఊళ్ళ మీదికి పోతున్నారట. చెల్లిని చంకనేసుకుని నడిచారట. "నలభైలో అనుకుంటా, చీకటి పడేసరికి ఆ ఊరు చేరాం, అక్కడ ఎవరింట్లోనో గంజి పోశారు, ఆ ఊరి పేరు..." అంటుండగా నేను అడ్డుపడ్డాను. "నలభై కాదు నాన్నా, 1942 ఏప్రిల్ 6!"

ఆయన ఆగిపోయారు. "నీకే తెలుసుగా, రాసుకో" అని లేచి వెళ్ళి, మొక్కలకు నీళ్ళు పోశారు. మర్నాడు అడిగితే "ఏదో ఊరులే" అన్నారు. మూడేళ్ళకు పోయారు. ఆ తేదీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. గంజి పోసిన ఊరి పేరు ఆయన దగ్గరే ఉండేది.

అందుకే, అమ్మమ్మ ఏడాది తప్పు చెప్పినా పలకకు. కాగితం మీద గుర్తు పెట్టుకుని, మర్నాడు వేరే దారిలో అడుగు. "అప్పటికి పిన్ని నడిచేదా, చంకలోనే ఉండేదా? మామిడికాయలు వచ్చాయా?" అలా అడిగితే ఏడాది తనంతట తనే తేలుతుంది. తాతయ్య విషయంలో నేను ఆ లెక్క తరవాత వేశాను. చెల్లి పుట్టింది 1940 చివర, చంకలో ఉందంటే ఏడాదిన్నర పిల్ల, కాబట్టి 1942 వేసవే. ఆయన మాటలోనే జవాబుంది, నేను వినలేదు.

ఆవిడ మౌనంగా ఉంటే నువ్వూ ఉండు, పది లెక్కపెట్టుకో. "ఏటి", "ఎలగ" అంటే అలాగే రాయి, దిద్దకు. ఎవరికీ చెప్పొద్దంటే రికార్డు ఆపెయ్యి.

ఏ రోజుది ఆ రోజే ఇంకో రెండు చోట్ల దాచు. మన సముద్రపు తేమకు నా కేసెట్ల మీద బూజు పట్టి సగం పోయాయి. ఆ మాటలున్నది మాత్రం మిగిలింది, నీకు పంపిస్తున్నాను. నా గొంతు వచ్చే ముందు ఆపి, అమ్మమ్మకు వినిపించు. పెళ్ళయిన కొత్తలో తాతయ్య ఆవిడకు ఆ ఊరి సంగతి చెప్పారేమో, అడుగు.

మీ పెద్దమ్మ