బాక్స్ ప్లాట్ బయట పడ్డ ఫ్లోరైడ్ విలువలు: తీసెయ్యాలా, ఉంచాలా?

ప్రశ్న: మునుగోడు, చండూరు, మర్రిగూడ, నాంపల్లి మండలాల నుంచి 48 బోరు నీళ్ల శాంపిల్స్ తీసిన. ఫ్లోరైడ్ సగటు లీటరుకు 2.65 మిల్లీగ్రాములు వచ్చింది. మొదటి క్వార్టైల్ 1.1, మూడోది 2.5. బాక్స్ ప్లాట్‌లో 5.2, 6.1, 7.8, 9.4, 26 బయట పడ్డయి. గైడ్ సారు ఐదూ తీసెయ్యమంటున్నరు. తీసేస్తే మెథడ్స్‌లో ఏమని రాయాలె?

జవాబు: ఐదూ తీసెయ్యకండి. అవి ఐదు వేరు వేరు సంగతులు. బాక్స్ ప్లాట్ వాటిని ఒకే తీరు చుక్కలుగా చూపిస్తుంది, అంతే.

ముందు లెక్క చూద్దాం. క్వార్టైల్స్ మధ్య తేడా 1.4. దానికి ఒకటిన్నర రెట్లు 2.1. కాబట్టి పై గీత 4.6 దగ్గర పడింది. ఈ గీత రెండు వైపులా సమంగా ఉండే డేటాకు సరిపోతుంది. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ అట్లా ఉండదు. ఎక్కువ బోర్లు 1 నుంచి 2 మధ్య గుంపుగా ఉంటాయి, కొన్ని మాత్రం చాలా పైకి పోతాయి. అందుకే లాగ్ తీసి అదే గీత గీయండి:

```r
q <- quantile(log(d$fl), c(.25, .75))
w <- 1.5 * (q[2] - q[1])
up <- exp(q[2] + w); lo <- exp(q[1] - w)
subset(d, fl > up | fl < lo)
```

మీ క్వార్టైల్స్‌తో పై గీత 8.6 దగ్గర, కింది గీత 0.32 దగ్గర వస్తాయి. 5.2, 6.1, 7.8 లోపలికి వచ్చేశాయి. బయట మిగిలినవి 9.4, 26. కింద 0.32 కన్నా తక్కువ విలువ ఏదైనా ఉందేమో కూడా చూడండి. మామూలు బాక్స్ ప్లాట్‌లో కింది గీత సున్నా కన్నా దిగువకు పోయింది కాబట్టి అటువైపు మీకు ఏదీ కనపడి ఉండదు.

సగటుకు మూడు స్టాండర్డ్ డీవియేషన్ల పద్ధతి అసలు వాడకండి. 26 లాంటి విలువ స్టాండర్డ్ డీవియేషన్‌నే ఉబ్బించి మిగతావాటిని దాచేస్తుంది. మండలాలుగా విడదీసినప్పుడు ఏదైనా మండలంలో 10 శాంపిల్సే ఉంటే ఇంకా ఘోరం: 10 విలువల్లో ఏదీ 2.85 స్టాండర్డ్ డీవియేషన్లు దాటలేదు. అది గణితపు హద్దు. అంటే ఎంత పిచ్చి విలువ ఉన్నా ఆ పద్ధతి పట్టదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ. 26కి మొదట ల్యాబ్ నోట్‌బుక్ తెరవండి. అక్కడ 2.60 ఉంటే చుక్క జారింది, సరిదిద్దండి. ఇది తీసెయ్యడం కాదు, సవరణ. శాంపిల్‌ను పలుచన చేసి కొలిచి ఉంటే ఆ రెట్లు సరిగ్గా గుణించారో లేదో కూడా చూడండి. స్పాడ్న్స్ పద్ధతి 1.4 వరకే నమ్మదగినది, కాబట్టి మన దిక్కు నీళ్లకు పలుచన తప్పదు, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే దానికి ముందు పెట్టిన శాంపిల్ ఏదో చూడండి. బాగా ఎక్కువ ఉన్న నీళ్ల తర్వాత సరిగ్గా కడగకపోతే తర్వాతి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.

7.8, 9.4 విషయంలో ఆ నీటి కెమిస్ట్రీనే సాక్షి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత పెరగగలదో కాల్షియం ఆపుతుంది, ఎందుకంటే రెండూ కలిసి ఫ్లోరైట్‌గా పేరుకుంటాయి. అందుకే నిజమైన ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్లలో సాధారణంగా కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, పీహెచ్ 8 దాటి ఉంటుంది. కాల్షియం మోలారిటీని ఫ్లోరైడ్ మోలారిటీ వర్గంతో గుణించండి. ఫ్లోరైట్ హద్దు సుమారు 2.5×10⁻¹¹. నీళ్లలోని మిగతా లవణాల వల్ల లెక్కలో అది దాదాపు రెట్టింపు దాకా కనిపించవచ్చు.

ఉదాహరణకు 7.8 ఉన్న బోరులో కాల్షియం లీటరుకు 16 మిల్లీగ్రాములు అనుకోండి. లబ్ధం దాదాపు 7×10⁻¹¹, హద్దు దగ్గరే ఉంది. ఆ విలువ నమ్మొచ్చు. 9.4 ఉన్న బోరులో కాల్షియం 140 ఉంటే లబ్ధం 9×10⁻¹⁰ దాకా పోతుంది, హద్దుకు పది రెట్లకు మించి. ఆ రెండింటిలో ఏదో ఒకటి తప్పు. పాలిథీన్ సీసాలో మిగిలిన నీళ్లు 28 రోజుల లోపువైతే రెండు వేరు పలుచనలతో మళ్లీ కొలవండి, కాల్షియం కూడా. కచ్చితమైన సంతృప్త సూచిక కావాలంటే PHREEQC సాఫ్ట్‌వేర్‌లో వేసుకోండి.

అయాన్ బ్యాలెన్స్ 5 శాతం లోపల ఉంది కాబట్టి ఫ్లోరైడ్ సరే అని రాస్తారు చాలామంది. అది నిలవదు. 9.4 మిల్లీగ్రాములు అంటే అర మిల్లీఈక్వివలెంట్ మాత్రమే. కాటయాన్లు 15 ఉన్న నీళ్లలో ఆ మొత్తం ఫ్లోరైడ్ లేకపోయినా బ్యాలెన్స్ సుమారు 1.7 శాతమే కదులుతుంది.

కింది వైపు 0.2 లాంటిది దొరికితే ఫీల్డ్ నోట్స్ చూడండి. ఊళ్లల్లో బోరు నీళ్లు, మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు ఒకే ట్యాంకులో కలుస్తుంటాయి. నల్లా దగ్గర పట్టిన శాంపిల్ అయితే అది బోరు నీళ్లే కాదు. దాన్ని తీసెయ్యడానికి మీకు గట్టి కారణం ఉంది: అది మీరు చదువుతున్న జలానికి చెందదు. కానీ అదే నియమంతో మిగతా 47 శాంపిల్స్ ఎక్కడ పట్టారో కూడా చూడాలి. 1.4 ఉన్న నల్లా శాంపిల్ ఎవరికీ కనపడకుండా దాక్కుంటుంది.

26ను 2.6గా సరిదిద్ది, కృష్ణా నీళ్లు కలిసిన 0.2ను తీసేశారనుకోండి. సగటు 2.65 నుంచి 2.20కి వస్తుంది. సారు చెప్పినట్టు ఐదూ తీసేస్తే 1.69. ఐఎస్ 10500లో 1.0 ఆమోద పరిమితి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. నల్లగొండలో ఫ్లోరోసిస్ మీద చేసే పనిలో 7.8 తాగుతున్న ఊరినే డేటా నుంచి తీసేస్తే రివ్యూయర్ అడగకుండా ఉంటాడా? సగటు బదులు మధ్యస్థం, క్వార్టైల్స్, 1.5 దాటిన బోర్ల శాతం ఇవ్వండి. మండలాల మధ్య పోలికకు క్రుస్కల్-వాలిస్ చాలు. అప్పుడు ఎక్కువ విలువలు ఉన్నా ఫలితాన్ని ఊపలేవు.

మెథడ్స్‌లో ఇట్లా రాయొచ్చు, అంకెలు మీవి పెట్టుకొని:

«48 శాంపిల్స్ సేకరించాము. ఫ్లోరైడ్ విలువల లాగ్ మీద క్వార్టైల్ అంతరానికి 1.5 రెట్ల హద్దు దాటిన మూడు విలువలను పరిశీలించాము. ఒకటి నమోదు తప్పు, నోట్‌బుక్ ప్రకారం 26ను 2.60గా సవరించాము. ఒకటి మిశ్రమ ట్యాంకు నీరు కాబట్టి తొలగించాము. 9.4 విలువ ఫ్లోరైట్ సంతృప్తతతో పొసగలేదు, మళ్లీ కొలవడం కుదరలేదు, కాబట్టి ఉంచి, అది లేకుండా కూడా విశ్లేషణ చేసి రెండు ఫలితాలూ ఇచ్చాము. హద్దు దాటడం ఒక్కటే కారణంగా ఏ విలువనూ తీసెయ్యలేదు.»

9.4 లేకుండా సగటు 2.05 అవుతుంది, మధ్యస్థం దాదాపు కదలదు. ఆ రెండు అంకెలూ ఒకే టేబుల్‌లో పక్కపక్కన పెట్టండి. మళ్లీ కొలిస్తే మాత్రం ఆ వాక్యం మార్చి, రెండు రీడింగులూ, పలుచన రెట్లూ రాయండి.

ఇంకొకటి: తీసేసిన తర్వాత మళ్లీ బాక్స్ ప్లాట్ గీసి కొత్త చుక్కలు వెతకకండి. పెట్టె చిన్నదవుతుంటే ప్రతిసారీ కొత్తవి బయటపడతాయి. హద్దు ఒక్కసారే, మండలాల పోలిక ఫలితం చూడకముందే పెట్టుకోవాలి. ఆ మాట కూడా మెథడ్స్‌లో ఒక వాక్యంగా రాయండి, నిజంగా అట్లా చేసి ఉంటేనే.