పది నంబర్లు పెట్టినా, నాలుగు పెట్టినా పోయేది ఆ నలభై సెంట్లే

ప్రశ్న: న్యూయార్క్ క్వీన్స్‌లో ఉంటాను, హెచ్-1బి వీసా మీద ఉద్యోగం. ఏడాదిగా వారానికి రెండు సాయంత్రాలు క్విక్ డ్రా లాటరీ ఆడుతున్నాను. డ్రాకు 2 డాలర్లు, సాయంత్రానికి 30 డ్రాలు. ఎప్పుడూ పది నంబర్లే పెడతాను. ఒకసారి ఎనిమిది కలిసి 600 డాలర్లు వచ్చాయి. ఇప్పుడు క్రెడిట్ కార్డు మీద క్యాష్ అడ్వాన్స్ బాకీ 3,000 ఉంది, వడ్డీ 29 శాతం, నెలకు 120 కడుతున్నాను. బ్యాంకులో 1,100 ఉంది, తప్పనిసరి ఖర్చులు నెలకు 2,400. నాలుగు నంబర్లయితే తగిలే అవకాశం ఎక్కువని స్నేహితుడు అంటున్నాడు. 4,000 పర్సనల్ లోన్ తీసుకుని, కార్డు తీర్చేసి, మిగిలిన వెయ్యితో నాలుగు నంబర్లకు మారితే నష్టం పూడుతుందా?

జవాబు: పూడదు. మీ స్నేహితుడు చెప్పిన మాట నిజమే, కానీ దాని నుంచి మీరు తీసిన అర్థం తప్పు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, అందరిదీ ఇదే పొరపాటు. తరచుగా తగలడం ఒక సంగతి, తక్కువ పోవడం ఇంకో సంగతి. ఈ రెండూ ఒకటేనని అనుకున్నారు కాబట్టే లోన్ దాకా వెళ్లింది ఆలోచన.

ముందు తగిలే సంగతి చూద్దాం. ఎనభై నంబర్లలో యంత్రం ఇరవై తీస్తుంది. మీరు ఒక్క నంబరే పెడితే అది తగలడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. రెండు పెడితే రెండూ తగలడం సుమారు 17 డ్రాలకు ఒకసారి. మూడుకు మూడూ తగలడం 72కు ఒకసారి, నాలుగుకు నాలుగూ 326కు ఒకసారి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. నంబరు చేర్చిన ప్రతిసారీ కష్టం ఒకే లెక్కన పెరగదు, ఆ పెరుగుదల కూడా పెరుగుతూ పోతుంది. రెండో నంబరు చేరినప్పుడు కష్టం నాలుగు రెట్లకు కాస్త పైన పెరుగుతుంది. పదో నంబరు చేరేసరికి దాదాపు ఆరున్నర రెట్లు. ఎందుకంటే మీ తొమ్మిది నంబర్లూ అప్పటికే తగిలి ఉంటే, మిగిలిన 71 నంబర్లలో యంత్రం తీసినవి 11 మాత్రమే ఉంటాయి. మీ పదో నంబరు ఆ పదకొండులో ఒకటి కావాలి. తొమ్మిదికి తొమ్మిదీ తగలడం 13 లక్షల 80 వేల డ్రాలకు ఒకసారైతే, పదికి పదీ తగలడం 89 లక్షల 11 వేలకు ఒకసారి. మీరు ఏడాదికి ఆడేది 3,120 డ్రాలు. ఈ లెక్కన పదికి పదీ తగిలితే డాలరుకు లక్ష డాలర్లిచ్చే బహుమతికి సగటున 2,850 ఏళ్లు పడుతుంది.

అయితే నాలుగు నంబర్లే మేలు కదా అంటారు. అక్కడికే వస్తున్నాను. ఈ ఆట రాసినవాళ్లకు పై లెక్కంతా తెలుసు కాబట్టి, తగలడం ఎంత కష్టమైతే బహుమతి అంత పెంచుతూ పోయారు. ఎంత పెంచినా రెండు నుంచి పది నంబర్ల దాకా ఏది పెట్టినా, డాలరుకు తిరిగి వచ్చేది సగటున అరవై సెంట్ల దగ్గరే ఉండేలా చూసుకున్నారు. ఒక్క నంబరు ఆటలో యాభై సెంట్లే. నాలుగింట ఒకసారి తగిలేదానికి నాలుగు డాలర్లు ఇస్తే న్యాయం, ఇచ్చేది రెండు. పెట్టిన డాలరుకు మించి అందరికంటే తరచుగా వచ్చేది ఒక్క నంబరు పెట్టినవాళ్లకే, డాలరు మీద అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేదీ వాళ్లే.

ఇక మీరు మారాలనుకుంటున్న నాలుగు నంబర్ల ఆటనే డాలరు పందెంతో 326 సార్లు ఆడి చూద్దాం. మీ పద్ధతిలో అది పదకొండు సాయంత్రాలు. సగటున ఒక్కసారి నాలుగూ తగులుతాయి, 55 డాలర్లు. పద్నాలుగు సార్లు మూడు తగులుతాయి, తలా 5 చొప్పున 70 డాలర్లు. అరవై తొమ్మిది సార్లు రెండు తగులుతాయి, తలా ఒక డాలరు. మొత్తం వచ్చింది 194, పెట్టింది 326. మీ పందెం రెండు డాలర్లు కాబట్టి అన్నిటినీ రెట్టింపు చేసుకోండి: 652 పెడితే 388 వస్తుంది.

ఆ అరవై తొమ్మిది ‘గెలుపు’లను మరోసారి చూడండి. అవి గెలుపులు కావు, మీ డాలరు మీకు తిరిగి రావడం. నాలుగు నంబర్ల ఆటలో గెలిచిన ప్రతి అయిదు టికెట్లలో నాలుగు ఇవే. మీ స్నేహితుడికి తరచుగా తగులుతున్నట్టు అనిపించేది వీటి వల్లే. తిరిగి వచ్చిన డాలరు జేబులోకి వెళ్లదు, నాలుగు నిమిషాల్లో వచ్చే తరువాతి డ్రాలోకి వెళుతుంది. అందులోనూ నలభై సెంట్లు తగ్గుతాయి.

పది నంబర్ల ఆటలో మోసం ఇంకో రూపంలో ఉంటుంది. పది పెడితే సగటున రెండున్నర నంబర్లు తగులుతాయి. ఒకటి నుంచి నాలుగు తగిలితే పైసా రాదు, వంద టికెట్లలో ఎనభై తొమ్మిది అక్కడే పడతాయి. ఒక్కటీ తగలకపోతే మాత్రం డాలరుకు 5 డాలర్లు ఇస్తారు! తిరిగి వచ్చే అరవై సెంట్లలో దాదాపు ఇరవై మూడు సెంట్లు ఈ సున్నా బహుమతి నుంచే వస్తాయి. మీరు కలలు కంటున్న లక్ష డాలర్ల వాటా ఎంతో తెలుసా? ఒక్క సెంటు, పైన కాస్త. అంటే మీకు ఆ పెద్ద బహుమతి ఎన్నడూ తగలకపోయినా మీ సగటు అంతకంటే పెద్దగా మారదు. మీకు తగిలిన ఎనిమిది నంబర్ల 600 డాలర్లు 7,384 డ్రాలకు ఒకసారి వచ్చేవి, మీ వేగంతో రెండేళ్ల నాలుగు నెలలకు ఒకసారి. మీకు ఏడాదిలోనే వచ్చింది, అదృష్టవంతులు. అయినా బాకీలో ఉన్నారు.

కిందటి నెల జాక్సన్ హైట్స్‌లో ఒక చిన్న టిఫిన్ కొట్టులో పార్సిల్ కోసం కూర్చున్నాను. గోడ మీది తెరలో ఎనభై గళ్లు, ఒక్కొక్క బంతి వచ్చి ఒక్కో గడి వెలిగిస్తోంది. పక్క బల్ల దగ్గరి పెద్దాయన చేతిలో కాగితం, పెన్ను. ఎనిమిదో బంతి దాకా ఆయనకు మూడు తగిలాయి, ముఖం వెలిగింది. ఇరవై అయ్యేసరికి నాలుగు దగ్గరే ఆగాయి. కాగితం మడిచి, అవే నంబర్లు మళ్లీ రాయించుకున్నారు. నా పార్సిల్ వచ్చేసరికి ఏడు డ్రాలు అయిపోయాయి. మన ఇళ్లలో పండగలకు ఆడే తంబోలాలో అయితే కూర్చున్నవాళ్లలో ఎవరికో ఒకరికి డబ్బు వెళ్తుంది. ఇక్కడ ఎవరికీ తగలకపోయినా ఆట సాగుతూనే ఉంటుంది.

‘ఈ మధ్య బాగా వస్తున్న నంబర్లు’ అని మీరు పుస్తకంలో రాసుకుంటూ ఉంటే ఆపేయండి. బంతులకు కిందటి డ్రా గుర్తుండదు. అదే పుస్తకంలో రెండు గడులు గీసి, చేతి నుంచి పోయిన డబ్బు ఒకటి, చేతికి వచ్చినది ఒకటి రాయండి. గెలిచిన టికెట్లు లెక్కపెట్టడం వల్లే ఏడాదంతా మీకు అసలు సంగతి కనబడలేదు. మీ లెక్క ప్రకారం ఏడాదికి పందెం 6,240 డాలర్లు, అందులో సగటు నష్టం దాదాపు 2,500.

ఇక లోన్ సంగతి. దీని గురించి మర్యాదగా రాయడం కష్టంగా ఉంది. నూటికి నలభై పోయే చోట పెట్టడానికి వడ్డీకి తెచ్చే వెయ్యి డాలర్లను ఏ లెక్కలోనూ సమర్థించలేను. క్యాష్ అడ్వాన్స్ తీసుకున్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, మామూలు కొనుగోళ్లకు ఉండే గడువు దానికి ఉండదు. ఆ 3,000 మీద ఇప్పుడు నెలకు 72 డాలర్లు వడ్డీ పడుతోంది. మీరు కట్టే 120లో అసలు తగ్గేది 48. తక్కువ వడ్డీకి సరిగ్గా 3,000 మాత్రమే లోన్ దొరికి, అది నేరుగా కార్డుకే వెళ్తే అభ్యంతరం లేదు. పైన ఒక్క డాలరు కూడా వద్దు. 401(k) నుంచి తీయడం, ఊళ్లో అన్నయ్య దగ్గర అడగడం లాంటివి ఆలోచించకండి.

నాకు ఆట కంటే ఎక్కువ భయం వేసింది మీ బ్యాంకు అంకె చూసి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు ఉంటుంది. మీ ఖర్చు నెలకు 2,400, చేతిలో 1,100. రెండు వారాలు దాటదు. కంపెనీ ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది. కోబ్రా కింద కొనసాగించుకోవాలంటే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి. రెండు నెలల ఖర్చు 4,800, దేశం మారవలసి వస్తే టికెట్లకు, ఇల్లు ఖాళీ చేయడానికి మరో 1,200. మొత్తం 6,000 డాలర్లు మీ అత్యవసర నిధి. పెట్టుబడులు, ఊళ్లో స్థలం, బంగారం అన్నీ దాని తరువాతే. స్థానికులకు ఆరు నెలల నిధి సౌకర్యం కావచ్చు, మీకు రెండు నెలల నిధి ఈ దేశంలో ఉండగలిగే గడువుతో ముడిపడి ఉంది.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా? మీ దగ్గరే ఉంది. ఆటకు నెలకు 520 తీస్తున్నారు, అందులో సగటున తిరిగి రానిది 208. కార్డుకు 120 కడుతున్నారు. ఆ 208, ఈ 120 కలిపి 328 కార్డుకు కట్టండి. పది నెలలయ్యేసరికి బాకీ నూట యాభై డాలర్ల దగ్గరికి వస్తుంది, పదకొండో నెలలో తుడిచేయండి. ఈలోగా ఆ 1,100ను ముట్టుకోకండి. తరువాత అదే 328 విడిగా ఉన్న పొదుపు ఖాతాకు వెళ్తే, ఆ 1,100తో కలిపి పదిహేను నెలల్లో 6,000 దాటుతుంది. జీతం పడిన రోజే బదిలీ జరిగేలా బ్యాంకులో పెట్టేయండి, సాయంత్రం వరకు ఆ డబ్బు మీ చేతిలో ఉండకూడదు. కార్డుకు క్యాష్ అడ్వాన్స్ పరిమితి సున్నా చేయమని బ్యాంకును అడగవచ్చు, ఇవాళే అడగండి.

రెండు వారాలు ప్రయత్నించినా ఆ తెర ముందుకు వెళ్లకుండా ఉండలేకపోతే అది లెక్కలతో తీరే సమస్య కాదు. న్యూయార్క్ రాష్ట్రం హోప్‌లైన్‌కు 1-877-846-7369లో ఫోన్ చేయండి, మాట్లాడినందుకు డబ్బు తీసుకోరు. ఇంట్లో ఈ బాకీ సంగతి తెలియకపోతే, కార్డు స్టేట్‌మెంట్ మీ భార్య చేతికి మీరే ఇవ్వండి.